తొందరేం లేదు

ఊరుకోవడం చేతకాని కుటుంబం మాది. పెళ్ళయి వచ్చిన కొత్తలో దాన్ని ఆప్యాయత అనుకున్నాను. తలనొప్పిగా ఉందని పడుకుంటే ఒకరి తర్వాత ఒకరు గదిలోకి తొంగిచూసి "తగ్గిందా?" అని అడిగేవారు. తగ్గుతున్న నొప్పి కాస్తా ఆ అడగడంతోనే మళ్ళీ లేచి కూర్చునేది. వ్యాపారంలో కూడా వీళ్ళది ఇదే తీరని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

మాది చెక్క ఫ్లోరింగ్ పని. వర్క్‌షాపు మామయ్య చేతుల మీద లేచింది. బావగారు తిరిగి పని తీసుకొస్తారు. మా ఆయన మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి పరుస్తారు. కొటేషన్లు, మెయిళ్ళు, మెసేజ్‌లు నావి. ఆఫీసంటే వర్క్‌షాపులో ఒక మూలన అద్దాలతో విడగొట్టిన చిన్న గది. ఎన్నిసార్లు తుడిచినా నా కీబోర్డు సందుల్లో చెక్కపొట్టు ఉంటూనే ఉంటుంది.

మేం పరిచేదంతా ఆఫీసులకీ, బట్టల షాపులకీ వేసే మామూలు సరుకు. చూడటానికి చెక్కలా ఉంటుంది, అంతే. మామయ్య ప్రాణం మాత్రం వేరే దానిమీద ఉండేది. ఆటలు ఆడేవాళ్ళకీ, డాన్సు చేసేవాళ్ళకీ వేసే ఫ్లోరింగ్ ఒకటుంది. అడుగున రబ్బరు దిమ్మలు, వాటిమీద చెక్క బద్దలు, వాటిమీద ఒకదానికొకటి అడ్డంగా రెండు వరసల ప్లైవుడ్, అన్నిటికన్నా పైన గట్టి చెక్క. ఎగిరి దూకితే కాలి కింద కొద్దిగా దిగి, దెబ్బని తను తీసుకుని, మనిషిని మళ్ళీ పైకి పంపుతుంది. మోకాళ్ళు అరగవు. మామయ్య తీరికున్నప్పుడల్లా కూర్చుని, తలుపంత నమూనా పలక ఒకటి తయారుచేశారు. రబ్బరు మెత్తగా ఉందని ఒకసారి, గట్టిగా ఉందని ఒకసారి విప్పి మళ్ళీ బిగించారు. అలాంటి ఫ్లోరింగ్ కావాలని ఒక్కళ్ళు కూడా మా గడప తొక్కలేదు. వచ్చినవాళ్ళని మాత్రం ఆయన వదిలిపెట్టేవారు కాదు.

"ఒకసారి ఎగిరి చూడండి," అనేవారు.

కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన ఎగిరాడు. బ్యాంకు ఆఫీసరు ఫైలు చంకలో పెట్టుకుని ఎగిరాడు. పెళ్ళిచూపులకని వచ్చి నేనూ ఎగిరాను. నచ్చిందా అని మామయ్య అడిగితే నచ్చిందన్నాను. ఆయన అడిగింది పలక గురించి, మావాళ్ళంతా అబ్బాయి గురించి అనుకున్నారు. నా సంబంధం అలా ఖాయమైందని మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తుంటారు.

ఈమధ్య పని పల్చబడింది. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద ఫ్లోరింగ్ కంపెనీ నుంచి కబురొచ్చింది. మీ మనుషుల పనితనం బాగుంది, మాకు పరిచే పని చేసిపెట్టండి, కస్టమర్లని తేవడం, వాళ్ళతో మాట్లాడటం మేం చూసుకుంటాం, మీరు మాత్రం సొంతంగా పని తీసుకోకూడదు అని షరతు. నెలాఖరుకల్లా ఏ సంగతీ తేల్చి చెప్పాలి.

బావగారు ఒప్పుకుందామన్నారు. మా ఆయన ఎటూ చెప్పలేదు, ఆయనెప్పుడూ అంతే. మామయ్య చాలాసేపు పలకవైపు చూస్తూ కూర్చుని, "ఇలాంటిది ఒక్కటి, ఒకే ఒక్క హాలుకి వేస్తే చాలు. ఆ పని దొరికితే కంపెనీకి వద్దని చెప్పేస్తా. దొరక్కపోతే మీ ఇష్టం," అన్నారు.

ఆశ వదులుకున్న మనిషి అలాంటి పందేలే కాస్తాడు. నేను నవ్వి ఊరుకున్నాను. కానీ మరుసటి వారమే ఒక డాన్స్ టీచరు ఫోన్ చేసింది.

*

పాత గోడౌను ఒకటి అద్దెకి తీసుకుని డాన్సు స్కూలుగా మార్చుకుందావిడ. ఎత్తైన కిటికీలు, ఒక గోడంతా అద్దం, కింద ఉత్తి సిమెంటు నేల. దానిమీద రబ్బరు షీటు పరిచి పిల్లలకి నేర్పిస్తోంది. ఆవిడ రెండు మోకాళ్ళకీ పట్టీలున్నాయి.

నలుగురం వెళ్ళాం. వద్దన్నాను, వినలేదు. తలుపు తీయగానే నలుగురు కనబడేసరికి ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. అది నేను తప్ప ఎవరూ చూడలేదు. మామయ్య అప్పటికే చెప్పులు విప్పి, నేలమీద కూర్చుని, అరచేత్తో సిమెంటుని తడుముతున్నారు.

"నాకెలాగూ అరిగిపోయాయండీ," అంది ఆవిడ తన మోకాళ్ళు చూపించి. "ఈ పిల్లలకైనా అరగకూడదు. అంతే నా గొడవ."

మామయ్య తలెత్తి చూశారు. ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్న మాట చివరికి ఎవరో అన్నట్టు చూశారు.

ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. అది మర్యాద కోసం అన్నది కాదు. "ముందే చెప్తున్నా, ఏమీ అనుకోకండి. ఇదివరకు ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఆ రోజునుంచీ నా ప్రాణం తీశారు. క్లాసు మధ్యలో ఫోన్లు. ఎత్తకపోతే ఇంకో నంబరు నుంచి. చివరికి ఆ నంబర్లన్నీ బ్లాక్ చేశాను. పిల్లల ప్రోగ్రాం దగ్గర పడుతోంది. అది అయ్యేదాకా నా బుర్ర పనిచెయ్యదు. అయ్యాక ఆలోచించి చెప్తాను."

"అయ్యో, అలాగేనండి. తొందరేం లేదు," అన్నాం నలుగురం ఒక్కసారే. అక్కడే నాకు భయం వేసి ఉండాల్సింది.

తిరిగొస్తుంటే దారిలోనే మొదలైంది. "రేపే కొటేషన్ పట్టుకెళ్ళి చేతిలో పెట్టాలి. ఆలస్యం అమృతం విషం," అన్నారు బావగారు.

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు," అన్నాను.

"ఆ మాట అన్నవాడు వ్యాపారం చేసుండడు."

"బావగారూ, ఆవిడ మనకి చాలా సాయం చేసింది. తనని ఏం చేస్తే పారిపోతుందో తనే చెప్పింది. అది ఒక్కటి చెయ్యకుండా ఉంటే చాలు."

మామయ్య నావైపు తిరిగారు. "నువ్వైతే ఏం చేస్తావమ్మా?"

"ఒక్క మెసేజ్ పెడతాను మామయ్యా. రేపే, మనం గుర్తుండగానే. తర్వాత నోరు మూసుకుంటాను."

"అంతేనా?"

"అంతే. మీరంతా కూడా మూసుకోవాలి."

సరే అన్నారు. ముగ్గురూ అన్నారు. మా ఆయన తల కూడా ఊపారు.

*

ఒక మెసేజ్ రాయడానికి ఇంత సమయమా అని బావగారు అద్దాల్లోంచి నాలుగైదు సార్లు చూసి వెళ్ళారు. రాసే పని బయటికి కనబడదు కదా, ఖాళీగా కూర్చున్నట్టే ఉంటుంది. మొదట "మా సంస్థ" అని మొదలుపెట్టాను. కొట్టేశాను. ఆవిడకి మా సంస్థతో ఏం పని? ఆవిడకి పిల్లల మోకాళ్ళతో పని. కొటేషన్ కూడా జతచెయ్యలేదు. ఆవిడ ఇంకా కావాలనే అనలేదు, అప్పుడే అంకెలు ముఖాన కొడితే అది తరమడమే. అడిగేది ఒక్కటే ఉండాలి, అది చిన్నదై ఉండాలి, కాదనడం ఔననడమంత సులువుగా ఉండాలి. చివరికి ఇలా తేలింది:

"నమస్కారం. నిన్న క్లాసుల మధ్య మాకోసం సమయం ఇచ్చినందుకు థాంక్స్. పిల్లల మోకాళ్ళు అరగకూడదని మీరన్న మాట గుర్తుపెట్టుకున్నాం. ఫ్లోరింగ్ ఎలా ఉంటుందో మేం చెప్పేకన్నా మీ పిల్లల కాళ్ళు చెబితేనే నమ్మకంగా ఉంటుంది. మా దగ్గర తలుపంత నమూనా పలక ఉంది. మీ ప్రోగ్రాం అయ్యాక, మీకు వీలైన రోజు అది తెచ్చి మీ హాల్లో ఒక వారం ఉంచుతాం. దానిమీద ప్రాక్టీసు చేసి చూడండి. నచ్చకపోతే వచ్చి తీసుకెళ్ళిపోతాం, దానికి ఖర్చేమీ లేదు, కారణం కూడా చెప్పక్కర్లేదు. కావాలనిపిస్తే ఈ నంబరుకి 'తీసుకురండి' అని ఒక్క మాట పెట్టండి. వద్దనుకుంటే వద్దని పెట్టినా సరే. అప్పటిదాకా మా వైపు నుంచి ఎవరూ మీకు ఫోన్ చెయ్యరు. ప్రోగ్రాం బాగా జరగాలని కోరుకుంటూ."

పంపేముందు మామయ్యకి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పలక తీసుకెళ్ళి పెడతామన్నావు చూడు, అది బాగుందమ్మా. పలకే మాట్లాడుతుంది," అన్నారు. బావగారు మాత్రం ఫోన్ సంగతి దగ్గర మొహం చిట్లించారు.

"ఎవరూ ఫోన్ చెయ్యరు అని రాసిస్తే ఎలాగమ్మా? చేతులు కట్టేసుకున్నట్టు కాదూ?"

"అందుకే రాశాను," అన్నాను.

పంపాను. కాసేపటికి ఆవిడ చదివినట్టు గుర్తు వచ్చింది. బదులు రాలేదు. రాకపోవడమే మర్యాద. ప్రోగ్రాం అయ్యాక చెప్తానన్న మనిషి ప్రోగ్రాంకి ముందు ఎందుకు చెబుతుంది? నా మనసు నిమ్మళంగా ఉంది. మిగతావాళ్ళ సంగతి చెప్పాలంటే, కాలుగాలిన పిల్లి వీళ్ళకంటే నయం.

"వచ్చిందా?" అని మా ఆయన అన్నం దగ్గర అడిగేవారు. "చూసిందిగా మరి?" అని బావగారు గుమ్మం దగ్గర. మామయ్య అడిగేవారు కాదు, నా గది బయట నిలబడి మేకే లేని చోట మేకుకోసం వెతుకుతున్నట్టు నటించేవారు. పలకని ఒకరోజు పాలిష్ చేశారు. మర్నాడు అది మరీ నున్నగా ఉందనీ, పిల్లలు జారతారనీ మళ్ళీ గీకారు. అత్తయ్య పాత దుప్పటి ఒకటి ఇచ్చి, తీసుకెళ్ళేటప్పుడు గీతలు పడకుండా దీంట్లో చుట్టండి అంది. పలక పెళ్ళికూతురిలా దుప్పటి కప్పుకుని గోడకి ఆనుకుని కూర్చుంది.

నెలాఖరు దగ్గరకొస్తోంది. కంపెనీవాళ్ళు గుర్తుచెయ్యడానికి ఒకసారి ఫోన్ చేశారు. ప్రోగ్రాం నెలాఖరుకి పది రోజుల ముందే ఉంది కనుక లెక్క సరిపోతుందని నేను ధైర్యం చెప్పాను. "ఒక్క మాట, మామయ్యా. ఆవిడ తప్పకుండా రాస్తుంది."

"రాస్తుందంటావా?"

"రాస్తుంది."

రాసింది కూడా.

*

ప్రోగ్రాం జరిగిన మర్నాడు పొద్దున్న, టీ పట్టుకుని గదిలోకి వెళుతుంటే ఫోన్ మోగింది. మెసేజ్ పొడుగ్గా ఉంది. పొడుగ్గా ఉందంటేనే నాకు సగం అర్థమైంది. ఔను అనడానికి ఒక్క మాట చాలని నేనే రాశాను కదా.

"మీ మెసేజ్ చాలా బాగుంది. నిజం చెప్పాలంటే, ఇన్నాళ్ళలో నా మాట విన్నది మీరొక్కరే అనిపించింది. ప్రోగ్రాం అయ్యాక మొదట మీకే 'తీసుకురండి' అని రాద్దామనుకున్నాను. కానీ మీరు పంపిన తర్వాత మీ ఇంటినుంచి ముగ్గురు నన్ను పలకరించారు. ముగ్గురూ తొందరేం లేదనే చెప్పారు. అది చెప్పడానికే పలకరించారు. మీమీద కోపం లేదు. కానీ పని మొదలయ్యాక ఎలా ఉంటుందో ఊహించుకుంటే భయమేసింది. వద్దులెండి. మీకు మంచి జరగాలి."

టీ అలాగే పట్టుకుని నిలబడ్డాను. నన్ను తిట్టినా బాగుండేది. పొగిడి కాదంటే దానికి ఎదురుచెప్పడానికి కూడా ఏమీ దొరకదు.

అందర్నీ పిలిచాను. మిషన్లు ఆపించాను. చదివాను. చివరిదాకా చదవకముందే ఎవరెవరో నాకు తెలిసిపోయింది, ముగ్గురూ మూడు దిక్కులు చూస్తున్నారు.

"బావగారూ?"

"ఒక్కసారే చేశానమ్మా! మా మరదలు మెసేజ్ పెట్టింది, చూశారా అని. తొందరేం లేదని కూడా చెప్పాను. ఏదో మాటల్లో, నెలాఖరులోపు తెలిస్తే మాకు వీలుగా ఉంటుంది అన్నాను. అంతే."

"క్లాసు టైమా?"

ఆయన జేబులోంచి కొలత టేపు తీసి లాగి మళ్ళీ చుట్టారు. క్లాసు టైమే.

"ఎవరూ ఫోన్ చెయ్యరని రాశాను కదండీ నేను?"

"నువ్వు రాశావు," అన్నారాయన, గొంతు తగ్గించి. "నేను రాయలేదుగా."

ఈ ఇంట్లో మాట ఇచ్చినవాళ్ళకే కట్టుబాటు, పక్కనున్నవాళ్ళకి కాదు. ఒక గొడుగు కింద నలుగురం నిలబడి, దాన్ని పట్టుకోవడం మాత్రం ఒక్కరి పనే అనుకోవడం మా పద్ధతి.

మా ఆయన అడక్కముందే ఒప్పుకున్నారు. "నేను ఫోన్ చెయ్యలేదు. వీడియో పెట్టా. నాన్న 'ఒకసారి ఎగిరి చూడండి' అంటూ పలకమీద ఎగురుతున్నది, కింద తొందరేం లేదని కూడా రాసి. సరదాగా ఉంటుందని. చూసి నవ్వుకుంటుందని."

"రోజూ వచ్చిందా అని నన్నడుగుతూ?"

"నీకు చెప్తే తిడతావని."

ఎంత అమాయకంగా అన్నారంటే, తిట్టడానికి కూడా నోరు రాలేదు. ఇక మామయ్య మిగిలారు. పలక పక్కనే స్టూలు మీద కూర్చుని, దుప్పటి అంచుని వేళ్ళమధ్య నలుపుతున్నారు.

"నేను అడగడానికి వెళ్ళలేదమ్మా," అన్నారు. "ఆవేళ సిమెంటు చేత్తో తడిమితే ఒక మూల చల్లగా తగిలింది. చెమ్మ ఉన్న నేలమీద చెక్క వేస్తే ఉబ్బిపోతుంది. చూడకుండా ఎలా ఒప్పుకుంటాం? ప్లాస్టిక్ షీటు ముక్క చుట్టూ టేపేసి నేలకి అంటించి ఒక రోజు ఉంచితే, చెమ్మ ఉంటే అడుగున నీటిచుక్కలు కనిపిస్తాయి. ఆ ముక్క అంటించడానికి వెళ్ళాను. అంతే. తొందరేం లేదమ్మా, మీరు నిదానంగా చూసుకోండి అని కూడా చెప్పాను."

"ఎప్పుడు వెళ్ళారు?"

"పిల్లలు రిహార్సల్ చేస్తున్నారు."

"ఒకసారేనా?"

"అంటించడానికి ఒకసారి. చూడటానికి మర్నాడు ఒకసారి." ఆయన ఆగారు. "మధ్యలో ఎవరైనా తొక్కుతారేమోనని... కాసేపు అక్కడే కూర్చున్నాను."

నా కళ్ళముందు కనిపించింది. ప్రోగ్రాం నెత్తిమీద ఉంది. హాలు నిండా పిల్లలు. ఒక మూల మా మామయ్య గొంతుక్కూర్చుని, అటు వచ్చిన ప్రతి పిల్లనీ "అమ్మా, తొక్కకు, అమ్మా, తొక్కకు" అంటున్నారు. పెద్దాయనని పొమ్మనలేక ఆవిడ పిల్లలందర్నీ ఇంకో మూలకి జరిపి ఉంటుంది. తొందరేం లేదని చెబుతూ ఆవిడ హాల్లో ఒక మూలని ఆయన ఆక్రమించేశారు.

"చెమ్మ ఉందా?" అన్నారు మా ఆయన. అది అడిగే సమయమా? కానీ మామయ్య మొహం వెలిగింది.

"లేదురా! పొడిగా ఉంది. బ్రహ్మాండమైన నేల."

ఆ వెలుగు దానంతటదే తగ్గిపోయింది.

"మళ్ళీ ఒక మెసేజ్ పెట్టమ్మా," అన్నారు చివరికి. "నాదే తప్పని రాయి. ముసలాడికి చాదస్తం, క్షమించమను. ఇంకెవరూ రారని చెప్పు. నువ్వు రాస్తే వింటుంది. నీ రాత బాగుందంది కదా."

అంత పెద్దమనిషి నన్ను బతిమాలుతుంటే ఏడుపొచ్చింది. "ఏమని రాయను మామయ్యా? వద్దన్న మనిషికి ఇంకోసారి రాస్తే మనం నాలుగోవాళ్ళమవుతాం. ఇంకెవరూ రారని మొదటే రాశాను. ఆ మాట ఇప్పుడు చెల్లదు."

కోపం ఎవరిమీద చూపించాలో తెలిస్తే మనిషికి కొంత నయం. బావగారు మా కడుపు నిండాలని ఫోన్ చేశారు. మా ఆయన నవ్వించాలని వీడియో పెట్టారు. మామయ్య తన పలక ఉబ్బకూడదని వెళ్ళారు. ఎవరిలోనూ చెడు లేదు. చెడు లేనివాళ్ళు కలిసి చేసిన నష్టానికి మందు కూడా ఉండదు. నేను మాత్రం ఏం చేశాను? అందరితో సరే అనిపించుకుని, ఆ సరేని నమ్మి, టీ తాగుతూ కూర్చున్నాను.

చివరికి రెండు లైన్లు రాశాను. "మీరు చెప్పింది నిజం. ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి. పిల్లల ప్రోగ్రాం బాగా జరిగిందనుకుంటున్నాం." పలక ఊసు లేదు, మరోసారి ఆలోచించమని లేదు. అది అందరికీ చదివి వినిపించి, పంపి, ఆవిడ నంబరు అందరి ఫోన్లలోంచీ తీసేయించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే.

నెలాఖరున మామయ్య కంపెనీకి తనే ఫోన్ చేసి ఒప్పుకున్నారు. పందెంలో ఓడిన మనిషి మాట తప్పలేదు.

*

కంపెనీ పద్ధతులు వేరు. బూడిదరంగు చొక్కాలు ఇచ్చారు, జేబుమీద వాళ్ళ గుర్తు. సైటులో ఎవరేం చెయ్యాలో చెప్పడానికి వాళ్ళ సూపర్‌వైజరు ఉంటాడు. మొదటిరోజే అందర్నీ నిలబెట్టి చెప్పాడు, కస్టమరుతో మాట్లాడకూడదు, ఏమడిగినా నన్ను అడగమనాలి, పని అయ్యాక ఏ కారణం మీదా మళ్ళీ ఆ చోటికి వెళ్ళకూడదు. "ఇదివరకు పనివాళ్ళు ఫోన్లు చేసి, ఇళ్ళకెళ్ళి కస్టమర్లని విసిగించారు," అన్నాడు. మా నలుగురిలో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రాసే పని వాళ్ళ ఆఫీసుకి పోయింది కనుక, సైటుల్లో జరిగినదాన్ని రోజూ ఫోటోలు తీసి పంపడం నాకిచ్చారు.

కొన్ని నెలలు గడిచాక ఒకరోజు సరుకు ఎక్కించిన వ్యాను తెలిసిన వీధిలోకి తిరిగింది. ఎత్తైన కిటికీలు దూరంనుంచే కనిపించాయి. మామయ్య డ్రైవరుని "ఇక్కడా?" అని మాత్రం అడిగారు. లోపలికి వెళ్ళాక చెప్పులు విప్పి, వంగి, అరచెయ్యి నేలకి ఆనించి, వెంటనే తీసేశారు. చెమ్మ చూడటానికి కంపెనీవాళ్ళకి మీటరు ఉంది.

ఆవిడ మమ్మల్ని చూసి ఆగిపోయింది. "మీరా?" అంది. చొక్కాల మీద గుర్తు చూసింది. సూపర్‌వైజరు బయట సరుకు దింపిస్తున్నప్పుడు నా పక్కకి వచ్చి నిలబడి, అద్దంవైపు చూస్తూ చిన్నగా మాట్లాడింది.

"వీళ్ళని నేను ఎందుకు ఒప్పుకున్నానో తెలుసా? ఒక్క మెసేజ్ పెట్టారు. మీరు పెట్టినలాంటిదే. మీ అంత బాగా లేదు. ఆ తర్వాత ఎవరూ రాలేదు."

నేను ఫోన్‌లో ఫోటో తీస్తున్నట్టు తలదించుకున్నాను. మాట్లాడకూడదు కదా.

వేసింది ఆ రకం ఫ్లోరింగే. రబ్బరు దిమ్మలు, బద్దలు, అడ్డంగా రెండు వరసలు, పైన చెక్క. అన్నీ ఫ్యాక్టరీలో కోసి, నంబర్లు వేసి వచ్చాయి, కలిపి బిగించడమే. మామయ్య ఆ నంబర్ల ప్రకారం బిగించారు. ఒక్కోసారి రబ్బరు దిమ్మని వేళ్ళతో నొక్కి చూసేవారు. ఏదో అనబోయి, సూపర్‌వైజరు వైపు చూసి, తర్వాతది తీసుకునేవారు. ఇన్నేళ్ళు ఆయన నోటికి తాళం వేసే మొనగాడు లేడనుకున్నాను. ఆ తాళం ఒక చొక్కా వేసింది. మామయ్యా, ఏదో ఒకటి అనండి, ఎవరినో ఒకరిని విసిగించండి అని నేను లోపల్లోపల మొక్కుకున్నాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం పని పూర్తయింది. కిటికీల్లోంచి ఎండ పడి హాలంతా తేనెరంగులో ఉంది. మా మనుషులు పనిముట్లు సర్దుతున్నారు. ఆవిడ మోకాలి పట్టీలు విప్పేసి మధ్యకి వెళ్ళింది. మెల్లగా ఒకసారి ఎగిరింది. ఆగింది. ఈసారి నిజంగా ఎగిరింది. దిగినప్పుడు చప్పుడు మెత్తగా వచ్చింది. ఆవిడ మొహంలో నొప్పి కోసం వెతికాను, కనబడలేదు.

మామయ్య ఒక మూల, అప్పట్లో ప్లాస్టిక్ అంటించిన మూలే, ఉలి గుడ్డలో చుడుతున్నారు. ఆవిడ అటు తిరిగింది.

"ఒకసారి ఎగిరి చూడండి," అంది.

వీడియోలో విన్న మాట గుర్తుపెట్టుకుంది. ఎగతాళిగా కాదు, మనస్ఫూర్తిగానే అంది. మామయ్య చేతిలో ఉలి ఆగింది. కాలి వేళ్ళు చెక్కమీద ముడుచుకుని విచ్చుకోవడం నేను చూశాను. అప్పుడు గుమ్మంలో నిలబడ్డ సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. వాడిని తప్పుపట్టలేను, వాడి ఉద్యోగం అది.

"మాకు పర్మిషన్ లేదమ్మా," అన్నారు మామయ్య. "ఏదైనా ఉంటే ఆయన్ని అడగండి."

ఆవిడ గుమ్మంవైపు చూసింది, ఆయనవైపు చూసింది. "అయితే ఎప్పుడైనా రండి," అంది. "మీకు వీలైనప్పుడే. సాయంత్రాలు తలుపు తీసే ఉంటుంది. నేను ఫోన్ అదీ చెయ్యను. తొందరేం లేదు."

మామయ్య తలూపారు. పనిముట్ల సంచి భుజానికి వేసుకుని, అంచుల వెంబడే నడుచుకుంటూ బయటికి వచ్చారు.

ఇప్పటికీ మా వ్యాను వారానికోసారైనా ఆ వీధిలోంచి వెళుతుంది. సాయంత్రమైతే తలుపు తీసే ఉంటుంది, లోపల పిల్లలు దూకుతున్న చప్పుడు వినిపిస్తుంది. "ఒక్క నిమిషం ఆపించనా మామయ్యా? చొక్కా మార్చుకుని వెళ్ళండి, ఎవరికి తెలుస్తుంది?" అని ప్రతిసారీ అడుగుతాను. నేనూ ఈ ఇంటి మనిషినైపోయాను మరి, ఊరుకోవడం చేతకావడం లేదు. ఆయన ఆ చప్పుడు వినిపించినంతసేపూ కిటికీ అద్దం దించి ఉంచుతారు.

"తొందరేం లేదులేమ్మా," అంటారు, వీధి దాటాక.